బి.సి.జి. ట్రయళ్ల మెటా-ఎనాలిసిస్: పి విలువ ఎంతవరకు చెబుతుంది, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఎక్కడ ఆగిపోతుంది

ప్రశ్న: కమ్యూనిటీ మెడిసిన్ పీజీ సెమినార్‌లో బి.సి.జి. టీకా మీద 1994లో వచ్చిన మెటా-ఎనాలిసిస్ గురించి చెప్పాలి. మొత్తం 13 ట్రయళ్లు. అన్నీ కలిపితే రిస్క్ నిష్పత్తి 0.49, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.34 నుంచి 0.70, పి విలువ 0.0001 కన్నా తక్కువ. విడిగా లెక్క వేస్తే మదనపల్లె ట్రయల్‌కు పి 0.34, చెంగల్పట్టు ట్రయల్‌కు పి 0.85 వచ్చాయి. ఈ రెండు చోట్లా టీకా పనిచేయలేదు, మొత్తం మీద మాత్రం పనిచేసింది అని రాస్తే సరిపోతుందా? స్లైడ్ మీద పి విలువ పెట్టాలా, ఇంటర్వెల్ పెట్టాలా?

జవాబు:

సరిపోదు. ఆ వాక్యంలో మొదటి సగం మదనపల్లె విషయంలో తప్పు, రెండో సగం అసంపూర్ణం. స్లైడ్ మీద రిస్క్ నిష్పత్తి, దాని ఇంటర్వెల్ ఉండాలి. పి విలువ ఉన్నా నష్టం లేదు గానీ, వాక్యానికి అది ఆధారం కాకూడదు. అయితే ఇంటర్వెల్ పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. ఈ 13 ట్రయళ్ల విషయంలో మీరు చెప్పబోయే 0.34 నుంచి 0.70 అనే ఇంటర్వెల్ కూడా, పక్కన మరొక ఇంటర్వెల్ లేకుండా ఒంటరిగా నిలబడితే, వినేవారిని దారి తప్పిస్తుంది. ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం.

ముందు ఆ రెండు దక్షిణ భారత ట్రయళ్లను పక్కపక్కన పెట్టండి. 1973లో ఫ్రిమోట్-మోలర్ బృందం ప్రచురించిన మదనపల్లె గ్రామాల ట్రయల్‌లో టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి, వేసుకోని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. రిస్క్ నిష్పత్తి 0.80, ఇంటర్వెల్ 0.52 నుంచి 1.25. చెంగల్పట్టు ట్రయల్ ఫలితాలు 1980లో వచ్చాయి. మెటా-ఎనాలిసిస్ పట్టికలో దానికి రెండు వైపులా 88,391 మంది చొప్పున ఉన్నారు. టీకా వైపు 505 కేసులు, రెండో వైపు 499 కేసులు. రిస్క్ నిష్పత్తి 1.01, ఇంటర్వెల్ 0.89 నుంచి 1.14.

రెండింటికీ పి విలువ 0.05 కన్నా ఎక్కువే. పి విలువను మాత్రమే చూసేవారికి ఇవి ఒకే జాతి ఫలితాలు. ఇంటర్వెల్ చూసేవారికి ఇవి పూర్తిగా వేర్వేరు. చెంగల్పట్టులో ఇంటర్వెల్ ఇరుకుగా ఉంది. టీకా వల్ల రిస్క్ మహా అయితే 11 శాతం తగ్గి ఉండవచ్చు, లేదా 14 శాతం దాకా పెరిగి ఉండవచ్చు. అంతకన్నా పెద్ద మేలు జరిగిందనే వాదన ఈ దత్తాంశంతో పొసగదు. అందువల్ల అక్కడ ‘చెప్పుకోదగ్గ రక్షణ కనిపించలేదు’ అనడానికి గట్టి ఆధారం ఉంది. మదనపల్లెలో అలా కాదు. రిస్క్ దాదాపు సగానికి తగ్గిందన్నా ఆ అంకెలు కాదనవు, పాతిక శాతం పెరిగిందన్నా కాదనవు. మొత్తం కలిపి 80 కేసులే ఉన్న ట్రయల్ ఇంతకన్నా నిర్దిష్టంగా చెప్పలేదు. దాన్ని ‘టీకా పనిచేయలేదు’ అని రాస్తే, ట్రయల్ చెప్పని మాటను దాని నోట పెట్టినట్లవుతుంది. ‘0.80 అనే అంచనా మేలు వైపే ఉంది, కానీ ఎంత మేలో, అసలు మేలో కాదో తేల్చడానికి కేసులు చాలలేదు’ అని రాయాలి.

దీనికి ఎదురు పొరపాటు కూడా సెమినార్లలో తరచుగా వింటుంటాం. ప్యూర్టో రికో ట్రయల్‌ను తీసుకోండి (కామ్‌స్టాక్, 1974). టీకా వేసుకున్న 50,634 మందిలో 186, వేసుకోని 27,338 మందిలో 141 కేసులు. రిస్క్ నిష్పత్తి 0.71, ఇంటర్వెల్ 0.57 నుంచి 0.89, పి దాదాపు 0.002. ఇక్కడ పి 0.002, మదనపల్లెలో 0.34 కాబట్టి ‘ప్యూర్టో రికోలో పనిచేసింది, మదనపల్లెలో పనిచేయలేదు, కనుక ఈ రెండు ట్రయళ్లూ ఒకదానితో ఒకటి విభేదిస్తున్నాయి’ అని చెప్పాలనిపిస్తుంది. కానీ 0.80, 0.71 అనే అంచనాలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి, మదనపల్లె ఇంటర్వెల్ ప్యూర్టో రికో ఇంటర్వెల్‌ను పూర్తిగా తనలో ఇముడ్చుకుంటుంది. ఈ రెండింటి మధ్య తేడాను నేరుగా పరీక్షిస్తే పి విలువ సుమారు 0.63 వస్తుంది. అంటే అవి విభేదిస్తున్నాయనడానికి ఆధారమే లేదు. ఒకదాని పి విలువ గీతకు ఇటు, రెండోదాని పి విలువ గీతకు అటు ఉండడం ఆ రెండింటి మధ్య తేడాకు రుజువు కాదు. తేడా గురించి మాట్లాడాలంటే తేడానే లెక్క వేయాలి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, పి విలువ రెండు విషయాలను ఒకే అంకెలో కలిపేస్తుంది: ప్రభావం ఎంత పెద్దది, దాన్ని ఎంత నిర్దిష్టంగా కొలిచాం అన్నవి. టీకాకు ఏ ప్రభావమూ లేదని, గణిత నమూనాలోని మిగతా ఊహలన్నీ నిజమని అనుకుంటే, మనకు కనిపించినంత తేడా గానీ అంతకన్నా పెద్ద తేడా గానీ యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యతే పి విలువ. ‘టీకా పనిచేయకపోవడానికి 34 శాతం అవకాశం ఉంది’ అని దానికి అర్థం కాదు. కొద్ది ప్రభావాన్ని లక్షల మందిలో కొలిచినా పి చిన్నదవుతుంది, పెద్ద ప్రభావాన్ని కొద్దిమందిలో కొలిచినా పి పెద్దదిగానే మిగలవచ్చు. ఇంటర్వెల్ అయితే ఆ రెండింటినీ విడదీసి చూపిస్తుంది. అది ఎక్కడ ఉందో ప్రభావం పరిమాణాన్ని చెబుతుంది, ఎంత వెడల్పు ఉందో నిర్దిష్టతను చెబుతుంది.

అలాగని ఇంటర్వెల్‌లో పి విలువలో లేని కొత్త సమాచారమేదో దాగి ఉందనుకోకండి. అంచనా, పి విలువ రెండూ తెలిస్తే ఇంటర్వెల్‌ను తిరిగి కట్టవచ్చు. ఇంటర్వెల్ నుంచి పి విలువను రాబట్టడం ఇంకా సులువు, ప్రశ్నోత్తరాల సమయంలో అది పనికొస్తుంది. రిస్క్ నిష్పత్తికి లెక్క సహజ లాగరిథమ్ మీద చేయాలి:

```
SE = (ln(0.70) - ln(0.34)) / 3.92 ≈ 0.18
z  = ln(0.49) / 0.18 ≈ -4.0
```

z విలువ దాదాపు 4 అంటే పి సుమారు 0.00007. మీ పేపర్‌లోని ‘0.0001 కన్నా తక్కువ’ అన్నది ఇదే. లాగ్ తీసుకోకుండా 0.70 నుంచి 0.34 తీసివేసి లెక్క వేసేవారు ఉంటారు, అది తప్పు. ఫారెస్ట్ ప్లాట్ మీద ఇంటర్వెల్ అంచనాకు రెండు వైపులా సమానంగా కనిపించేది కూడా లాగ్ కొలమానం మీదనే.

ఇంటర్వెల్ అర్థం చెప్పేటప్పుడు మాట జాగ్రత్తగా ఎంచుకోండి. ‘నిజమైన విలువ 0.34కూ 0.70కీ మధ్య ఉండడానికి 95 శాతం సంభావ్యత ఉంది’ అనకూడదు. 95 శాతం అన్నది ఆ పద్ధతికి చెందిన గుణం. ఊహలు సరైనవైతే, ఈ పద్ధతిలో మళ్లీ మళ్లీ కట్టిన ఇంటర్వెళ్లలో 95 శాతం అసలు విలువను పట్టుకుంటాయి. మన చేతిలో ఉన్న ఈ ఒక్క ఇంటర్వెల్ పట్టుకుందో లేదో అది చెప్పదు. సెమినార్‌లో పలకడానికి ఈ నిర్వచనం బరువుగా అనిపిస్తే, ‘ఈ దత్తాంశంతో పొసిగే విలువలు 0.34 నుంచి 0.70 వరకు’ అనండి. అది తప్పు కాదు, వినేవారికి సులువుగా అందుతుంది కూడా.

ఇప్పుడు మొత్తం ఫలితానికి వద్దాం. నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

మెటా-ఎనాలిసిస్‌లో పి విలువ గానీ ఇంటర్వెల్ గానీ, మనం ఎంచుకున్న మోడల్ ఇచ్చే అంకెలు. ఈ 13 ట్రయళ్లను ఉమ్మడి ప్రభావ మోడల్‌తో, అంటే టీకా నిజ ప్రభావం అన్ని చోట్లా ఒక్కటేనన్న ఊహతో కలిపితే రిస్క్ నిష్పత్తి 0.65, ఇంటర్వెల్ 0.60 నుంచి 0.70 వస్తుంది. z విలువ దాదాపు 10.6. పి విలువకు దశాంశ బిందువు తర్వాత ఇరవైకి పైగా సున్నాలు వస్తాయి. ర్యాండమ్ ఎఫెక్ట్స్ మోడల్‌తో, అంటే నిజ ప్రభావం చోటును బట్టి మారవచ్చునన్న ఊహతో కలిపితే 0.49, ఇంటర్వెల్ 0.34 నుంచి 0.70, పి సుమారు 0.00007. రెండింటిలో ఏ మోడల్ ఈ దత్తాంశానికి తగదో చెప్పడం కష్టం కాదు. బ్రిటన్‌లో హార్ట్, సదర్లాండ్ ట్రయల్ ఇంటర్వెల్ 0.18 నుంచి 0.31, చెంగల్పట్టుది 0.89 నుంచి 1.14. ఈ రెండూ ఒకే నిజ ప్రభావానికి రెండు కొలతలని అనుకోవడం అసాధ్యం. అయినా అత్యంత చిన్న పి విలువనూ అత్యంత ఇరుకైన ఇంటర్వెల్‌నూ ఇచ్చింది ఆ తగని మోడలే. చిన్న పి విలువ మంచి విశ్లేషణకు గుర్తు కాదని విద్యార్థులకు చూపించడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఇంటర్వెల్ ఇరుకుదనం కూడా దానంతటదే మంచి గుర్తు కాదు.

ఈ తేడా బరువుల నుంచి వచ్చింది. ఉమ్మడి ప్రభావ మోడల్‌లో చెంగల్పట్టు ట్రయల్ ఒక్కటే మొత్తం బరువులో సుమారు 41 శాతం తీసుకుంటుంది, ర్యాండమ్ ఎఫెక్ట్స్‌లో 10 శాతమే. అందుకే ఒకచోట 0.65, మరొకచోట 0.49. ఫారెస్ట్ ప్లాట్ చూపేటప్పుడు బరువుల నిలువు వరుసను కత్తిరించకండి.

మోడల్‌లో చిన్న మార్పుకు పి ఎలా స్పందిస్తుందో, ఇంటర్వెల్ ఎలా స్పందిస్తుందో కూడా గమనించండి. ట్రయళ్ల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు వాడమని చాలామంది సూచించే న్యాప్-హార్టుంగ్ సవరణతో ఇదే విశ్లేషణ చేస్తే పి విలువ 0.00007 నుంచి సుమారు 0.002కు వెళుతుంది. ఇరవై రెట్లకు పైగా మార్పు. ఇంటర్వెల్ మాత్రం 0.34–0.70 నుంచి 0.33–0.73కు జరుగుతుంది, అంతే. వైద్యపరంగా మన నిర్ణయం ఏమీ మారలేదన్నది ఇంటర్వెల్ చూస్తేనే తెలుస్తుంది. పి విలువలను మాత్రమే పోల్చేవారికి ఏదో పెద్ద మార్పు వచ్చినట్లు కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు. 0.34 నుంచి 0.70 అన్న ఇంటర్వెల్ పూర్తిగా 1కి దిగువన ఉంది. చెంగల్పట్టు ఇంటర్వెల్ 0.89 దగ్గర మొదలవుతుంది. అంటే మొత్తం ఇంటర్వెల్, చెంగల్పట్టు ఇంటర్వెల్ ఒకదాన్నొకటి తాకను కూడా తాకవు. మన ప్రాంతంలో జరిగిన అతిపెద్ద ట్రయల్ ఫలితం మొత్తం ఇంటర్వెల్‌లో లేదంటే ఎవరో తప్పు చేశారని కాదు. ర్యాండమ్ ఎఫెక్ట్స్ మోడల్‌లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చెప్పేది వివిధ చోట్ల ఉన్న నిజ ప్రభావాల సగటు గురించి. ఆ సగటును ఎంత నిర్దిష్టంగా కనుగొన్నామో అది చెబుతుంది. ఒక్కొక్క చోట ప్రభావం ఆ సగటు నుంచి ఎంత దూరం పోగలదో చెప్పదు. పి విలువ కూడా ఆ సగటు గురించే: సగటు ప్రభావం శూన్యం కాదని మాత్రమే అంటుంది. ‘అన్ని చోట్లా మేలు ఉంది’ అని ఆ రెండింటిలో ఏదీ అనలేదు.

చోటును బట్టి వచ్చే తేడాను చూపేది ప్రిడిక్షన్ ఇంటర్వెల్. ఇలాంటి మరొక చోట మరొక ట్రయల్ చేస్తే అక్కడి నిజ ప్రభావం ఏ పరిధిలో ఉండవచ్చో అది అంచనా వేస్తుంది. ఆర్‌లోని మెటాఫోర్ ప్యాకేజీలో ఈ 13 ట్రయళ్ల దత్తాంశం ముందే ఉంటుంది, కాబట్టి మీరే వేసి చూడవచ్చు:

```r
library(metafor)
dat <- escalc(measure="RR", ai=tpos, bi=tneg,
              ci=cpos, di=cneg, data=dat.bcg)
res <- rma(yi, vi, data=dat)
res
predict(res, transf=exp)
```

చివరి వరుస ఇచ్చే జవాబులో ci.lb, ci.ub అన్నవి 0.34, 0.70. pi.lb, pi.ub అన్నవి 0.15, 1.55. ఈ రెండో జతే ప్రిడిక్షన్ ఇంటర్వెల్. కొన్ని సాఫ్ట్‌వేర్లు దీన్ని టి పంపిణీతో లెక్కిస్తాయి, అప్పుడు అది సుమారు 0.13 నుంచి 1.8 వరకు సాగుతుంది. ఎలా లెక్కించినా అది 1ని దాటుతుంది. ఒకచోట టీకా క్షయ రిస్క్‌ను 85 శాతం తగ్గించవచ్చు, మరొకచోట అసలు తగ్గించకపోవచ్చు. చెంగల్పట్టు ఫలితం ఈ పరిధిలో హాయిగా ఇముడుతుంది. సగటు మీద ఇంత నమ్మకం, ఒక్కొక్క చోటు మీద ఇంత అనిశ్చితి పక్కపక్కనే ఉండడమే ఈ మెటా-ఎనాలిసిస్ చెప్పే అసలు విషయమని నా అభిప్రాయం. ‘పి 0.0001 కన్నా తక్కువ’ అన్న మాటలో అది ఆనవాలు కూడా లేకుండా పోతుంది.

వైవిధ్యానికి కూడా ఒక పి విలువ మీకు కనిపిస్తుంది: Q విలువ 152.2, స్వేచ్ఛా పరిమితులు 12, పి 0.0001 కన్నా తక్కువ. I² 92 శాతం. ఇక్కడ కూడా పి విలువ చెప్పేది ఒక్కటే, ట్రయళ్ల మధ్య తేడా కేవలం యాదృచ్ఛికం కాదని. I² చెప్పేది కనిపిస్తున్న మొత్తం చెదురులో నిజమైన తేడాల వాటా ఎంతో, ఆ తేడాల పరిమాణం కాదు. పరిమాణం తెలియాలంటే నిజ ప్రభావాలు చోటును బట్టి ఎంత చెదిరి ఉన్నాయో కొలిచే టౌ చూడాలి, లేదా దాన్ని రిస్క్ నిష్పత్తి భాషలోకి మార్చి చూపించే ప్రిడిక్షన్ ఇంటర్వెల్ చూడాలి. వినేవారికి రెండోదే సులువు.

ఇంత తేడా ఎందుకని తప్పకుండా అడుగుతారు. అక్షాంశాన్ని మోడల్‌లో చేర్చితే ట్రయళ్ల మధ్య వైవిధ్యంలో దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గిపోతుంది. భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ రక్షణ పెరుగుతున్నట్లు కనిపిస్తుంది. దత్తాంశంలో మదనపల్లెకూ చెంగల్పట్టుకూ 13 డిగ్రీలు, బ్రిటన్‌కు 52 డిగ్రీలు. ఉష్ణ ప్రాంతాల్లో పర్యావరణంలోని ఇతర మైకోబ్యాక్టీరియాలకు ప్రజలు ముందే గురై ఉండడం వల్ల టీకా అదనంగా ఇచ్చే రక్షణ తగ్గుతుందన్నది బలంగా వినిపించే వివరణ. అయితే 13 బిందువుల మీద గీసిన గీత ఇది, అక్షాంశాన్ని ఎవరూ ర్యాండమైజ్ చేయలేదు. ఆ వాలుకు వచ్చే పి విలువ ఎంత చిన్నదైనా దాన్ని కారణానికి రుజువుగా చూపకండి.

స్లైడ్ మీద నేనైతే ఇలా రాస్తాను: ‘13 ట్రయళ్లలో సగటున బి.సి.జి. క్షయ రిస్క్‌ను సుమారు సగానికి తగ్గించింది (రిస్క్ నిష్పత్తి 0.49, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.34–0.70). ప్రభావం చోటును బట్టి చాలా మారింది (95% ప్రిడిక్షన్ ఇంటర్వెల్ 0.15–1.55). దక్షిణ భారత ట్రయళ్లు రెండింటిలో చెంగల్పట్టు చెప్పుకోదగ్గ రక్షణ లేదని నిర్దిష్టంగా చూపింది (1.01, 0.89–1.14). మదనపల్లె ట్రయల్ ఏ వైపూ తేల్చలేదు (0.80, 0.52–1.25).’ మీ విభాగంలో పి విలువ లేకపోతే ఒప్పుకోరనుకుంటే మొదటి వాక్యం బ్రాకెట్ చివర దాన్ని చేర్చండి. ‘సిగ్నిఫికెంట్’, ‘నాన్-సిగ్నిఫికెంట్’ అనే మాటలు మాత్రం వాడకండి. కాక్రేన్ హ్యాండ్‌బుక్ కూడా ఫలితాలను అలా వర్ణించవద్దనే చెబుతుంది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో విడుదల చేసిన ప్రకటన కూడా పి విలువ ఒక గీతను దాటిందా లేదా అన్నదాని మీదనే శాస్త్రీయ నిర్ధారణలు నిలబడకూడదని స్పష్టం చేసింది. ఎవరైనా ప్రశ్నిస్తే ఈ రెంటినీ ప్రస్తావించవచ్చు.

ఇంటర్వెల్‌కు కూడా ఒక గుడ్డితనం ఉంది, అది కూడా చెప్పండి. దానిలో లెక్కకు వచ్చేది యాదృచ్ఛిక దోషం మాత్రమే. ఈ 13 ట్రయళ్లలో కొన్నింటిలో టీకా కేటాయింపు ర్యాండమ్‌గా జరగలేదు. మదనపల్లె ట్రయల్ దత్తాంశంలో ఒకరిని విడిచి ఒకరికి ఇచ్చిన పద్ధతిగా, ప్యూర్టో రికో ట్రయల్ ఒక క్రమం ప్రకారం కేటాయించిన పద్ధతిగా నమోదయ్యాయి. అలాంటి పద్ధతి వల్ల ఏదైనా పక్షపాతం చేరి ఉంటే, అది ఇంటర్వెల్‌ను వెడల్పు చేయదు, దాన్ని మొత్తంగా పక్కకు జరుపుతుంది. ప్యూర్టో రికో ఇంటర్వెల్ అంత ఇరుకుగా ఉన్నా అందులో ఈ అనుమానం కనిపించదు. అందువల్ల ఫారెస్ట్ ప్లాట్ స్లైడ్ పక్కనే పక్షపాతం మదింపు స్లైడ్ ఉండాలి.

చివరగా ఒక జాగ్రత్త. చెంగల్పట్టు అంకెలు చూసి ‘మరి మనం పుట్టిన వెంటనే పిల్లలకు బి.సి.జి. ఎందుకు వేస్తున్నాం?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఈ విశ్లేషణలో లెక్కించింది ఆ ట్రయళ్లలో నమోదైన మొత్తం క్షయ కేసులను. చిన్నపిల్లల్లో క్షయ మెనింజైటిస్, మిలియరీ క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి రక్షణ వేరే ప్రశ్న, దానికి వేరే ఆధారాలు ఉన్నాయి, శిశువులకు టీకా వేయడానికి ప్రధాన కారణం ఆ రక్షణే. 1.01 అన్న అంకెను ఆ ప్రశ్నకు జవాబుగా వాడనివ్వకండి.